ఇంట్లో పది మంది ఉన్నా అమ్మ పని ఒక్కరిదే అయినప్పుడు

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు, పదహారేళ్లుగా స్కిజోఫ్రీనియా. మాది తెనాలి దగ్గర పల్లె, ఉమ్మడి కుటుంబం. నానమ్మ, పెదనాన్న, పెద్దమ్మ, బాబాయి, పిన్ని, వాళ్ల పిల్లలిద్దరు, మేము ముగ్గురం, మొత్తం పది మందిమి. అమ్మ పనులన్నీ నేనే చూస్తాను. నాకు 27. అకౌంట్స్ ఉద్యోగం మానేసి ఏడాదైంది. పొద్దున టిఫిన్ అయ్యాక మాత్ర వేస్తాను, పగలంతా పడుకుంటుంది, రాత్రి లేచి తిరుగుతుంది, గేటు తీయబోతుంది. నాకు నిద్ర లేదు. ఏమన్నా అంటే "ఇంతమందిమి ఉన్నాం కదా, నీ ఒక్కదానికే ఏం కష్టం" అంటారు. పెద్దమ్మ అయితే అమ్మది నాటకం అంటుంది. డాక్టర్ గారు "కేర్‌గివర్ బర్డెన్ అసెస్‌మెంట్ చేయించుకోండి" అన్నారు. అదేంటి? దాంతో నాకేం ఒరుగుతుంది?

సమాధానం:

నేను పద్దెనిమిదేళ్లుగా సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మొదటి రెండు మూడేళ్లు ఈ అసెస్‌మెంట్‌ని తప్పుగా చేశాను. ఉమ్మడి కుటుంబం వస్తే ఇంటి పెద్దాయన్ని కూర్చోబెట్టి అడిగేదాన్ని. ఆయన చెప్పింది రాసుకుని "భారం తక్కువ" అని ఫైల్లో పెట్టేదాన్ని. ఒకసారి అలా రాసిన వారానికే ఆ ఇంటి కోడలు కళ్లు తిరిగి పడిపోయి అదే ఆస్పత్రికి వచ్చింది. రోగిని చూసుకునేది ఆమేనట. ఆమెను నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అప్పటినుంచి ఎంతమంది ఉన్నా మనిషి మనిషికీ విడిగా అడగడం అలవాటు చేసుకున్నాను.

రోగిని చూసుకునేవాళ్ల మీద ఎంత భారం పడుతోందో అడిగి లెక్కేయడమే ఈ అసెస్‌మెంట్. మన దగ్గర దానికి ఎక్కువగా వాడే ప్రశ్నావళి పాయ్, కపూర్ అనే ఇద్దరు 1981లో తయారుచేసింది. మన దేశంలోని కుటుంబాల కోసమే చేసింది కాబట్టి మన ఇళ్లకు సరిపోతుంది. మొత్తం 24 ప్రశ్నలు, ఆరు భాగాలు: డబ్బు, ఇంటి రోజువారీ పనులు, సరదాలు, ఇంట్లోవాళ్ల మధ్య సంబంధాలు, చూసుకునేవాళ్ల ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం. ఒక్కో ప్రశ్నకు ఇబ్బంది లేకపోతే సున్నా, ఓ మాదిరిగా ఉంటే ఒకటి, బాగా ఉంటే రెండు. అన్నీ కలిపితే 48. చివర్లో విడిగా ఇంకో ప్రశ్న ఉంటుంది: మొత్తం మీద మీకు ఎంత కష్టంగా ఉంది అని. మీకై మీరు నింపుకునే ఫారం కాదిది. ఎదురుగా కూర్చుని మాట్లాడిస్తూ, వివరాలు అడుగుతూ వేసే మార్కులు. ఇంత దాటితే ప్రమాదం అనే గీత కూడా లేదు. మొత్తం కంటే, ఏ భాగంలో ఎవరికి ఎంత వచ్చిందన్నదే పనికొస్తుంది.

మీరు రాసిన దాన్నిబట్టి ఉజ్జాయింపుగా వేసి చూపిస్తాను. ఇంటర్వ్యూ చేస్తే కొన్ని మారతాయి.

డబ్బు కింద 12కి మీకు 5 వేస్తాను. ఉద్యోగం పోయింది, అది పెద్ద దెబ్బ. మందుల ఖర్చు మాత్రం ఉమ్మడిలో నడుస్తోందనుకుంటున్నాను. రోజువారీ పనుల్లో 10కి 7, సరదాల్లో 8కి 6, సంబంధాల్లో 10కి 6, ఒంటికి 4కి 2, మనసుకు 4కి 3. మొత్తం 29. ఇప్పుడు మీ పెదనాన్నగారిని అడిగామనుకోండి. డబ్బు దగ్గర ఆయనకు 4 రావచ్చు. మిగతా ఐదింటిలో కలిపి ఇంకో 4. మొత్తం 8.

డబ్బు దగ్గర మీ ఇద్దరికీ ఒక్క మార్కే తేడా. మిగిలిన వాటిలో మీకు 24, ఆయనకు 4. "ఏం కష్టం" అని ఆయన అంటే ఆయన అబద్ధం ఆడటం లేదు. భారం అంటే ఆయన లెక్కలో డబ్బు. అది ఆయన మోస్తున్నారు, నిజంగానే మోస్తున్నారు. మీరు నిద్ర గురించి మాట్లాడుతుంటే ఆయనకు మందుల షాపు బిల్లు గుర్తొస్తుంది. ఈ రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు నోరు మెదపకుండా కాగితం వంక చూస్తూ ఉండిపోయిన పెద్దాయన్ని ఒకరిద్దర్ని కాదు, చాలామందిని చూశాను. అసెస్‌మెంట్‌తో మీకు ఒరిగేది ముందుగా ఇదే: మీ మాటగా చెబితే అది గొడవ అవుతుంది, ఆస్పత్రి కాగితంగా వెళ్తే లెక్క అవుతుంది.

నానమ్మగారిని వదిలేయకండి. ఆవిడ పని ఏమీ చేయకపోవచ్చు, కానీ చివరి ప్రశ్నకు "చాలా కష్టంగా ఉంది" అని చెప్పి ఏడ్చేది బహుశా ఆవిడే అవుతారు. చేసే చాకిరీ వేరు, లోపల పడే బాధ వేరు. రెండూ ఒకే మనిషిలో ఉండాలని లేదు.

మార్కులతో పాటు ఇంకోటి కావాలి. ఈ వారం ఒక రూళ్ల నోటుబుక్కు తీసుకుని పద్నాలుగు రోజులు రాయండి. రోజుకో పేజీ. ఏ పని, ఎవరు, ఎంతసేపు. అంతే. బాధలు, కోపాలు అందులో రాయొద్దు, ఎందుకంటే దాన్ని తర్వాత అందరూ చదువుతారు. మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి పేజీలో రోజు ఇలా ఉంది: మాత్ర వేయించి, నోట్లో దాచుకోలేదని తేల్చుకోవడం 20 నిమిషాలు. స్నానానికి ఒప్పించి చేయించడం 50 నిమిషాలు. మూడు పూటలా తినిపించడం గంటన్నర. ఊరికే కనిపెట్టుకుని ఉండటం మూడు గంటలు. రాత్రి నాలుగుసార్లు లేవడం, కలిపి గంటన్నర. రోజుకి ఏడు గంటల పది నిమిషాలు, వారానికి యాభై గంటలు. ఆదివారం సెలవు కూడా లేని ఉద్యోగం.

ఇందులో అందరూ రాయడం మరిచిపోయేది కనిపెట్టుకుని ఉండటం. గేటు తాళంచెవి చున్నీ కొంగుకు ముడేసుకుని పడుకుంటారు చూడండి, గొలుసు చప్పుడైతే మెలకువ వచ్చేలా. అది పనిలా కనబడదు, పడుకున్నట్టే ఉంటుంది. కానీ ఒంటికి అది నిద్ర కాదు. రాత్రికి ఎన్నిసార్లు లేచారో, మళ్లీ కునుకు పట్టడానికి ఎంతసేపైందో గీతలు గీసి పెట్టండి చాలు.

మీ లెక్కా అలా యాభై గంటల దగ్గరికి వస్తే, దానికి వైద్యంలో ఇంకో అర్థం ఉంది. ఇంగ్లండ్‌లో 1970లలో చేసిన పరిశోధనల్లో, విమర్శలూ కోపతాపాలూ అతిగా పట్టించుకోవడమూ ఎక్కువగా ఉన్న ఇళ్లలో, రోగి ఆ మనుషులతో వారానికి 35 గంటలకు మించి ముఖాముఖి గడిపితే జబ్బు తిరగబెట్టడం బాగా ఎక్కువగా కనబడింది. ప్రశాంతంగా ఉన్న ఇళ్లలో ఆ గంటలతో పెద్ద తేడా లేదు. మీ ఇంట్లో "నాటకం" అన్న మాట రోజూ వినబడుతోంది. మీరూ నిద్ర లేక ఒక్కోసారి అమ్మ మీద విసుక్కునే ఉంటారు. కాబట్టి మీరు రోజుకి కొన్ని గంటలు అమ్మకు దూరంగా ఉండటం అమ్మ మందుచీటీలో రాయాల్సిన విషయం. ఉద్యోగానికి మళ్లీ వెళ్లాలనుకుంటే, ఈ వాదనతో వెళ్లండి.

ఇక ప్లాన్. మొదట రాత్రుల సంగతి తేల్చాలి. నిద్ర లేని మనిషితో ఏ ప్లానూ నిలవదు.

అమ్మకు ఇచ్చే మందు ఏదో మీరు రాయలేదు. ఒలాంజపిన్ లాంటి మగతనిచ్చే మందైతే, మామూలుగా రాత్రి ఇస్తారు. పొద్దున వేస్తే పగలంతా పడుకుంటుంది, రాత్రి లేస్తుంది, మీరు రాసింది అచ్చంగా అలాగే ఉంది. చాలా ఇళ్లలో ఇది ఎలా జరుగుతుందంటే, రాత్రి ఒకసారి మొండికేస్తుంది, పొద్దున వేస్తే వేసుకుంటుంది, అదే అలవాటైపోతుంది. డాక్టర్‌కి ఎవరూ చెప్పరు. మీ అంతట మీరు వేళ మార్చకండి. డాక్టర్‌ని "ఇది రాత్రికి మార్చొచ్చా" అని సూటిగా అడగండి. ఒక్క ఈ మార్పుతో నెలలో రాత్రులు బాగుపడిన ఇళ్లు ఉన్నాయి.

రెండో అవకాశం కూడా చూసుకోవాలి. అమ్మ తిరగడం ఎలా ఉంది? ఎక్కడికో వెళ్లాలని గేటు దగ్గరికి పోతుందా, లేక కూర్చోలేక, నిలబడలేక, కాళ్లు అటూ ఇటూ మారుస్తూ వరండాలో పచార్లు చేస్తుందా? రెండోదైతే అది జబ్బు ముదరడం కాకపోవచ్చు. కొన్ని మందుల వల్ల లోపల ఒకరకమైన అశాంతి పుడుతుంది, దాన్ని అకతీసియా అంటాం. ఇంట్లోవాళ్లు జబ్బు ఎక్కువైందని చెబుతారు, డోసు పెరుగుతుంది, తిరగడం ఇంకా పెరుగుతుంది. పగలు ఒకసారి అమ్మ కూర్చుని ఉన్నప్పుడు కాళ్లు కనబడేలా రెండు నిమిషాల వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. నోటితో పదిసార్లు చెప్పినదానికంటే అదే నయం.

మాత్ర దగ్గర రోజూ యుద్ధమే అయితే, రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఫ్లూఫెనజిన్ పాతది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో వాడుతుంటారు. చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం రావచ్చు, దానికి పక్కమందు ఇస్తారు. అమ్మ ఒప్పుకోవాలి. బాగా ఉన్న రోజు చూసి, డాక్టర్ చేత చెప్పిస్తే రోజూ మాత్రల గొడవ తప్పుతుందని ఒప్పుకునేవాళ్లు చాలామంది.

పప్పులోనో మజ్జిగలోనో మాత్ర పొడి కలిపేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. తిండిలో ఏదో కలుపుతున్నారన్న అనుమానం ఈ జబ్బులో మామూలు. నిజంగానే కలిపి, అది ఒక్కసారి బయటపడితే, ఆమె అనుమానమే నిజమైనట్టు. ఆ తర్వాత మీ చేత్తో అన్నం కూడా తినదు. తినిపించే గంటన్నర మూడు గంటలవుతుంది.

తర్వాత ఇంట్లోవాళ్లతో కూర్చోవడం. ఇది ఇంటి హాల్లో పెట్టుకోకండి. హాల్లో ఎవరి కుర్చీ వాళ్లది, ఎవరి పెత్తనం వాళ్లది. ఆస్పత్రిలో, సోషల్ వర్కర్ గదిలో పెట్టించుకోండి. పెదనాన్న, పెద్దమ్మ, నాన్న, పిన్ని, ఈ నలుగురు తప్పనిసరి. నాన్న గురించి మీరు ఒక్క వాక్యం కూడా రాయలేదు. భార్య జబ్బు కూతురి పనిగా మారిపోయిన ఇళ్లలో ఇది మామూలే. ఆయనకు చేయాలని లేక కాకపోవచ్చు, పదహారేళ్లలో ఎప్పుడో చేతులెత్తేసి ఉంటారు. కానీ రాత్రుళ్లలో వాటా అడగాల్సింది మొదట ఆయన్నే.

అడిగేటప్పుడు "కొంచెం సాయం చేయండి" అంటే అందరూ తలూపుతారు, ఎవరూ చేయరు. పని, పేరు, వేళ, మూడూ ఉండాలి. మీ ఇంటికైతే నేను ఇలా మొదలుపెడతాను. బుధ, శని రాత్రులు నాన్న అమ్మ గదిలో పడుకుంటారు, తాళంచెవి ఆయన దగ్గర, మీరు ఇంకో గదిలో తలుపేసుకుని పడుకుంటారు. రోజూ పగలు పదకొండు నుంచి ఒంటి గంట దాకా పిన్ని చూస్తారు. నెలనెలా ఓపీ చీటీ రాయించడం, మందులు తేవడం పిన్నిగారి పిల్లల్లో ఎవరైనా పెద్దవాళ్లయితే వాళ్లది, లేదంటే బాబాయిది. పెదనాన్నగారికి కొత్త పని పెట్టకండి, డబ్బు ఆయన చూస్తున్నారు. ఆయన చేత మాత్రం ఈ పంపకాన్ని నలుగురి ముందూ చదివించండి. పెద్దాయన నోటి నుంచి వచ్చిన పంపకం మీరు గోడకు అంటించిన కాగితం కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది.

పెద్దమ్మకు పని కంటే ముందు వివరణ కావాలి. గొంతులు వినబడటం, అనుమానాలు జబ్బని అందరూ ఒప్పుకుంటారు. కానీ ఒకప్పుడు ఇంటిల్లిపాదికీ ఆవకాయ కలిపిన తోటికోడలు ఇప్పుడు మంచం మీద గోడ చూస్తూ కూర్చుంటే, అది కూడా జబ్బేనని నమ్మడం కష్టం. పని మొదలుపెట్టే చొరవ, ఆసక్తి, మాట, ముఖంలో భావం తగ్గిపోవడం స్కిజోఫ్రీనియాలో పెద్ద భాగం. మందులు గొంతుల్ని తగ్గించినంతగా దీన్ని తగ్గించవు. ఇది మీరు చెబితే తల్లిని వెనకేసుకొచ్చినట్టుంటుంది. డాక్టరే చెప్పాలి, పెద్దమ్మ ఎదురుగా ఉండగా. ఆ తర్వాత ఆవిడను ఒక్కటే అడగండి: రోజూ పదింటికి వెల్లుల్లి పాయలు నాలుగు అమ్మ ముందు పెట్టి "ఇవి వలిచిపెట్టు" అని చెప్పి వెళ్లిపోవాలి. వలిస్తే "సరే" అని తీసుకెళ్లాలి, వలవకపోతే ఏమీ అనకుండా తీసుకెళ్లాలి. చిన్న పని, ఒకేసారి ఒకటే. నాటకం అన్న మాట తగ్గిన ఇళ్లలో చాలాచోట్ల ఇలాంటి గిన్నెడు వెల్లుల్లితోనే తగ్గింది.

ఈ ఏర్పాటు మూడో వారంలో జారుతుంది. ముందే చెబుతున్నా, ఎందుకంటే అప్పుడు మీరు "నా రాత ఇంతే" అనుకుని మళ్లీ అన్నీ నెత్తినేసుకుంటారు. నాన్నకు జలుబు, పిన్నికి పుట్టింట్లో ఫంక్షన్, "ఈ ఒక్కరోజుకీ నువ్వే చూడమ్మా." ఆ ఒక్కరోజు చూడండి, తప్పదు. కానీ బదులుగా ఏ రోజు తీసుకుంటారో అప్పుడే అడిగి నోటుబుక్కులో రాయండి. ఆరో వారంలో మళ్లీ ఏడు రోజులు లెక్క రాయండి. మొదట యాభై గంటలు వచ్చి ఉంటే, అది నలభైకి కూడా దిగకపోతే పంపకం పేరుకే ఉన్నట్టు, మళ్లీ కూర్చోవాలి. మూడో నెలలో మార్కులు మళ్లీ వేయించుకోండి. డబ్బు మార్కు మారదు, ఆశించకండి. మనసు ఆరోగ్యం, సరదాలు కదలాలి.

అమ్మకు జబ్బు తిరగబెట్టే ముందు ఏం చేస్తుందో మీకు తెలుసు. తల దువ్వుకోవడం మానేయడమో, కిటికీలు మూసేయడమో, అన్నం మూటగట్టి మంచం కింద దాచడమో. అలాంటివి మూడు రాసి, అందులో రెండు వరసగా మూడు రోజులు కనబడితే డాక్టర్‌కి ఫోన్ చేయాలని అందరికీ చెప్పండి. ఇప్పటిదాకా ఆ గుర్తులు మీ బుర్రలోనే ఉన్నాయి, అందుకే మీరు ఇల్లు కదల్లేకపోతున్నారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, వైద్యం విషయంలో తన తరఫున నిలబడే మనిషిని అమ్మ తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఎంచుకోవచ్చు. నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అంటారు. అందరూ అలవాటుగా కూతురి పేరు రాయిస్తారు. అమ్మకు ఇష్టమైతే నాన్న పేరు ఉండేలా చూడండి. లేదంటే అడ్మిషన్ సంతకాలు, ఆ నింద, రెండూ మీ మీదే పడతాయి. "నన్ను ఆస్పత్రిలో పడేసింది నువ్వే" అన్న మాట కూతురికి తగిలినట్టు ఇంకెవరికీ తగలదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. స్కిజోఫ్రీనియాకు వైకల్య సర్టిఫికెట్ ఇస్తారు. స్వంత పనులు, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని, ఈ నాలుగూ చూసి, జబ్బు ఎన్నేళ్లుగా ఉందో కలిపి లెక్క కడతారు. 40 శాతం, ఆపైన వస్తే పథకాలకు అర్హత మొదలవుతుంది. ఆ సర్టిఫికెట్‌కీ, వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే యూడీఐడీ కార్డుకీ swavlambancard.gov.in లో దరఖాస్తు చేయాలి. పింఛను వస్తుందో లేదో సచివాలయంలో అడగండి, కుటుంబ ఆదాయం లాంటి షరతులు ఉంటాయి. సర్టిఫికెట్ కోసం మెడికల్ బోర్డు ముందుకు వెళ్లే రోజు మాత్రం ఒక పొరపాటు చేయకండి: అమ్మకు మంచి చీర కట్టి, తల దువ్వి, సమాధానాలు మీరే చెప్పేయడం. వాళ్లు చూసేది ఆమె తనంతట తాను ఏం చేయగలదన్నది. మీ నోటుబుక్కు తీసుకెళ్లండి.

మీ గురించి. డిప్రెషన్ ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల చిన్న పరీక్ష ఉంది, అసెస్‌మెంట్ రోజునే అడిగి చేయించుకోండి. 27కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మీకు విడిగా డాక్టర్ కావాలి, విడిగా ఓపీ చీటీ కావాలి, అమ్మ చీటీ వెనక రాయించుకోవడం కాదు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండన్న ఆలోచన గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా ఆ రోజే చెప్పాలి. ఆస్పత్రి దాకా వెళ్లలేని రాత్రి అయితే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

డాక్టర్ గారికి ముందే ఫోన్ చేసి, నలుగురూ రాగలిగిన ఓపీ రోజు ఏదో అడగండి. సోమవారాలు రద్దీగా ఉంటుంది, మా లాంటి వాళ్లకు గంటసేపు కూర్చునే తీరిక దొరకదు. వారం మధ్యలో, మధ్యాహ్నం వేళ అడగండి. ఆ రోజు అమ్మను ఇంటి దగ్గర నానమ్మతోనూ బాబాయితోనూ ఉంచి రండి. మీరు లేకుండా ఆ నాలుగు గంటలు ఎలా గడిచాయో బాబాయిని అడిగి నోటుబుక్కులో రాయండి, మీ చేతిరాతలో కాకుండా ఆయన చేతిరాతలో ఉంటే ఇంకా మంచిది.